పగిలిందీ, పంచిందీ ఎందుకు రాయాలి?

పోయిన వేసవి సెలవుల్లో పళ్ళికొండలో ఒక సరుకుల అంగట్లో రెండు నెలలు పని చేశాను. పప్పులు, నూనెలు, సబ్బులు, గాజు సామాను అన్నీ దొరికే అంగడి అది. నాతో పాటు ఇంకో ముగ్గురు కొత్తగా చేరారు. ఇద్దరు అమ్మాయిలు, గుడియాత్తం వైపు నుంచి బస్సులో వచ్చే ఒక అబ్బాయి. నలుగురమూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే. అది తెలిసి మా సూపర్‌వైజర్ అక్క మొదటిరోజు పొద్దున, షట్టర్ ఎత్తకముందు, తెలుగులోనే అరగంట మాట్లాడింది. బిల్లు వెయ్యడం, కస్టమర్‌తో మాట్లాడడం తరవాత నేర్పింది. ఆ పొద్దు చెప్పిందంతా ఒకే సంగతి: పగిలిన సరుకునీ, ఊరికే ఇచ్చిన సరుకునీ పుస్తకంలో రాయడం.

మనలో చాలామంది చదువయ్యాక ఏదో ఒక అంగట్లోనో, మందుల షాపులోనో, బట్టల షోరూములోనో లెక్కల దగ్గర కూర్చోబోయేవాళ్ళమే. అందుకే ఆమె చెప్పింది పాఠంలాగా ఇక్కడ పెడుతున్నాను. ఆమె మాటలు ఆమె యాసలోనే ఉంచాను. మధ్యలో వివరణ నాది. పన్ను చట్టం సంగతులు తరవాత కామర్స్ చదివే స్నేహితురాలితో కూర్చుని సరిచూసుకున్నాను.

ఆమె మొదట చెప్పిన సంగతి

"నేను మీ వయసులో వేరే ఊర్లో, వేరే అంగట్లో పని చేస్తా ఉంటి. ఒకరోజు ఊరగాయల అర ఒరిగి నాలుగు సీసాలు కింద పడినాయి. నేనే ఊడ్చి పారేసినాను. మేనేజర్ సార్‌కి నోటితో చెప్పినాను. ఆయన సరేలే అన్నాడు. నెలాఖరుకి లెక్కపెడితే ఏడు సీసాలు తక్కువ. సార్‌కి నేను చెప్పిందే గుర్తు లేదు. ఏడు సీసాల డబ్బూ నా జీతంలో పట్టుకున్నారు. డబ్బు పోతే పోనీలే అనుకున్నా. ఆ తరవాత రోజూ సాయంత్రం ఇంటికి పొయ్యేటప్పుడు నా ఒక్కదాని సంచి తెరిచి చూసేది పెట్టుకున్నారు. అది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు."

ఇది చెప్పి ఆమె ఒక పొడుగాటి నోటుబుక్కు మా ముందు పెట్టింది. అంగట్లో అందరూ దాన్ని బ్రేకేజీ బుక్కు అంటారు. ముందు సగం పగిలినదానికి, వెనక సగం ఊరికే ఇచ్చినదానికి. ప్రతి పేజీలో గీతలు కొట్టి గళ్ళు చేసి ఉన్నాయి: తేదీ, గంట, సరుకు పేరు, సైజు, ఎన్ని, ఎక్కడ, ఎట్లా, ఎవరు చూశారు, సంతకం.

"నోటితో చెప్పింది గాలికి పోతాది. దీంట్లో రాసింది నిలబడతాది. పగిలింది అని రాస్తే మిమ్మల్ని తిడతానని భయపడొద్దు. రాయకపోతేనే తిడతాను."

ఐదు సీసాల లెక్క

పుస్తకం ఎందుకో అర్థం కావడానికి ఆమె ఒక లెక్క చేసి చూపించింది. సరుకు లీటరు నువ్వుల నూనె, గాజు సీసాలో వచ్చేది. అంకెలు మాకు సులువుగా ఉండేలా ఆమె అనుకుని చెప్పినవి.

ఒకటో తేదీ పొద్దున అరల్లో, గోడౌన్‌లో కలిపి 40 సీసాలు ఉన్నాయి. నెలలో 5 పెట్టెలు వచ్చాయి. పెట్టెకు 12 చొప్పున 60 సీసాలు. మొత్తం 100. కంప్యూటర్‌లో బిల్లుల ప్రకారం అమ్మినవి 71. అంటే నెలాఖరుకి 29 ఉండాలి. చేత్తో తడిమి లెక్కపెడితే 24 ఉన్నాయి. ఐదు సీసాలు తక్కువ.

"ఇప్పుడు చెప్పండి. ఈ ఐదూ ఏమైనాయి?" అని అడిగింది. మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాలో ఒకమ్మాయి మెల్లిగా, "ఎవరన్నా ఎత్తుకుపోయినారేమో అక్కా" అంది.

"చూశావా పాపా, రాసింది లేకపోతే ఎవరికైనా మొదట వచ్చే మాట అదే."

తరవాత ఆమె బ్రేకేజీ బుక్కులో రాసినట్టుగా మూడు పద్దులు చెప్పింది. 6వ తేదీ: గోడౌన్‌లో పెట్టె అడుగు చెమ్మకు మెత్తబడి ఊడింది, 2 సీసాలు పగిలాయి. 15వ తేదీ: వాసన, రుచి చూపించడానికి ముందు బల్ల మీద 1 సీసా తెరిచారు. 22వ తేదీ: బిల్లు వెయ్యకముందే కస్టమర్ చేతిలోంచి జారి 1 సీసా పగిలింది. మొత్తం నాలుగు. ఐదు తక్కువలో నాలుగింటికి జవాబు దొరికింది. మిగిలింది ఒక్కటి.

ఆ ఒక్కదాన్ని ఎలా వెతకాలో కూడా చూపించింది. అదే కంపెనీ అరలీటరు సీసాలు లెక్కపెట్టమంది. పుస్తకం ప్రకారం 18 ఉండాలి, చేతికి 19 వచ్చాయనుకోండి. ఇటు ఒకటి తక్కువ, అటు ఒకటి ఎక్కువ. అంటే ఎవరో లీటరు సీసా ఇచ్చి, కంప్యూటర్‌లో అరలీటరు అని కొట్టి ఉండాలి. అప్పుడు అరలీటరు బిల్లులు తీసి చూడాలి. పోయింది సీసా కాదని, రెండు ధరలకీ మధ్య తేడా అని తేలుతుంది. దొంగతనం అన్న మాటే లేదు.

నాకు ఇక్కడే విషయం తలకెక్కింది. ఐదు తక్కువ అని ఉన్నప్పుడు పక్క సైజులో ఒకటి ఎక్కువ ఉందని ఎవరూ పట్టించుకోరు. ఐదుకీ ఒకటికీ పొంతన కుదరదు కదా. నాలుగు పద్దులు రాసి ఉంటేనే ఐదో సీసా కథ బయటపడింది. పగిలినవి రాసిపెడితేనే పగలకుండా పోయినదేదో కనిపిస్తుంది.

ఎవరి చేతిలో పగిలింది?

"ఎక్కడ, ఎట్లా" అన్న గడి ఎందుకని మా అబ్బాయి అడిగాడు. పగిలితే పగిలిందే కదా, ఎక్కడైతే ఏమని అతని ప్రశ్న.

"అట్ల కాదు తమ్ముడూ. లారీలోనే పగిలొస్తే ఆ నష్టం మనది కాదు. పెట్టె దించేటప్పుడు ఊపి చూడు. లోపల గలగలమంటే, అడుగు తడిగా ఉంటే, అప్పుడే అక్కడే తెరువు. డ్రైవర్ ముందర లెక్కపెట్టు. మన దగ్గర ఉండే కాగితం మీదా, వాళ్ళు తీసుకుపొయ్యే కాగితం మీదా రెండింట్లోనూ 'రెండు పగిలినవి' అని రాసి ఆయన సంతకం తీసుకో. లారీ కదిలినాక చెప్తే ఎవరు నమ్ముతారు?"

అలా రాసి ఉంటే సరఫరాదారు ఆ రెండు సీసాలకి క్రెడిట్ నోట్ ఇస్తాడు, అంటే అంత మొత్తం బిల్లులోంచి తగ్గిస్తాడు. లేదా బదులు సీసాలు పంపుతాడు. అన్నీ సరిగ్గా ముట్టినట్టు సంతకం పెట్టి లోపలికి తెచ్చుకున్నాక పగిలితే అది అంగడి నష్టం. బిల్లు వేసి డబ్బు తీసుకున్నాక కస్టమర్ చేతిలో పగిలితే అది అంగడి నిలువలోంచి అప్పటికే వెళ్ళిపోయిన సరుకు. దాన్ని బ్రేకేజీ బుక్కులో రాయకూడదు. రాస్తే ఒకే సీసా రెండుసార్లు తగ్గుతుంది, నెలాఖరుకి ఒకటి ఎక్కువగా తేలుతుంది. కస్టమర్ మీద జాలిపడి ఇంకో సీసా ఊరికే ఇచ్చారనుకోండి, ఆ రెండో సీసాని వెనక సగంలో, ఊరికే ఇచ్చినవాటిలో రాయాలి.

మెడలు లెక్కపెట్టాలి

సీసా పగిలితే వెంటనే ఊడ్చి పారెయ్యకూడదన్నది ఆమె రెండో నియమం. గాజు పెంకులు జాగ్రత్తగా చేటలోకి ఎత్తి, ఒక అట్టపెట్టెలో వేసి, ఆమె చూసేదాకా ఉంచాలి.

"పెంకులు చూసి ఎన్ని సీసాలు పగిలినాయో ఎవరూ చెప్పలేరు. మెడలు లెక్కపెట్టండి. ఎన్ని పగిలినా, ఎట్ల పగిలినా, ఒక సీసాకి ఒకటే మెడ, ఒకటే మూత. మూడు పగిలినాయని రాసి రెండు మెడలే ఉంటే మూడోది యాడ పోయిందని అడుగుతాను."

ఈ మాట వినగానే నవ్వొచ్చింది కానీ, ఆ రెండు నెలల్లో దీని అవసరం చూశాను. ప్యాకెట్ సరుకైతే మెడకి బదులు బార్‌కోడ్ ఉన్న ముక్క కత్తిరించి పుస్తకంలో ఆ పద్దు పక్కన అంటించేవాళ్ళం. ఎలుక కొట్టిన పప్పు ప్యాకెట్‌కీ, చినిగిన సబ్బు పొడి ప్యాకెట్‌కీ అదే పద్ధతి.

పుస్తకమే అబద్ధం చెప్తే ఎలా అని కూడా అడిగాం. దానికి ఆమె పాత పేజీలు తిప్పుతూ మూడు గుర్తులు చెప్పింది. నిజంగా పగిలే సరుకు ఒక వరసలో పగలదు. ఒక వారం ఏమీ ఉండదు, ఒకరోజు పెట్టె జారితే నాలుగు ఉంటాయి. వారం వారం సరిగ్గా ఒకటే పగిలితే అనుమానించాలి. రెండోది, గాజు, ప్లాస్టిక్, కాగితం అన్నీ ఉన్న అంగట్లో ఖరీదైన సరుకే పగులుతూ ఉంటే అనుమానించాలి. మూడోది, నెలంతా ఏమీ లేకుండా లెక్కపెట్టే రోజుకి ముందు సాయంత్రం ఒకేసారి పది పద్దులు ఒకే పెన్నుతో కనిపిస్తే, అవి పగిలినప్పుడు రాసినవి కావు, తక్కువ పడినదాన్ని సర్దడానికి రాసినవి. అందుకే గంట కూడా రాయమనేది. పగిలిన గంటలోపే రాయాలి, చూసినవాళ్ళు ఇంకొకరు సంతకం పెట్టాలి.

ఊరికే ఇచ్చింది మూడు రకాలు

పగిలిన సంగతి మాకు తొందరగానే అర్థమైంది. ఊరికే ఇచ్చినదాని దగ్గరే అందరం తడబడ్డాం. బయటికి చూడటానికి అన్నీ 'ఫ్రీ' లాగానే ఉంటాయి, పుస్తకంలో మాత్రం వేరువేరు చోట్ల కూర్చుంటాయి.

మొదటిది, అంగడి డబ్బుతో కొన్న సరుకులోంచి ఇచ్చేది. రుచి చూపించడానికి తెరిచిన నూనె సీసా, దీపావళికి వాడుక కస్టమర్లకి ఇచ్చే స్టీలు డబ్బా, మాట్లాడి వెళ్ళే పెద్దాయనకి ఓనర్ చేతిలో పెట్టే అగరుబత్తి ప్యాకెట్ అన్నీ ఇందులోకే వస్తాయి. బిల్లు లేకుండా పోతాయి కాబట్టి వెనక సగంలో తప్పకుండా రాయాలి. ఓనర్ ఇచ్చినా సరే.

రెండోది, కంపెనీవాళ్ళు ఊరికే పంపేది. షాంపూ చిన్న ప్యాకెట్లు, కొత్త టీ పొడి మచ్చు ప్యాకెట్లు ఇలా వస్తాయి. వాటి మీద 'అమ్మకానికి కాదు' అని ఉంటుంది. వీటికి అంగడి డబ్బు కట్టలేదు. అయినా ఎన్ని వచ్చాయి, ఎన్ని పంచాం అని సంఖ్య రాయాలి. రాయకపోతే సగం పంచి సగం అమ్ముకున్నా ఎవరికీ తెలియదు. కంపెనీ మనిషి వచ్చి అడిగితే చూపించడానికీ ఏమీ ఉండదు.

మూడోది, 'ఒకటి కొంటే ఒకటి ఉచితం'. ఇది నిజానికి ఊరికే ఇచ్చింది కాదు. ఒకదాని ధరకి రెండు అమ్మినట్టు. 2019 మార్చి 7న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్ ఈ మాటే చెప్పింది. కాబట్టి ఇది వెనక సగంలోకి రాదు. రెండు సబ్బులూ బిల్లులోనే కనిపించాలి.

"తొందర్లో ఒక సబ్బే కొట్టి రెండు సంచిలో వేస్తారు. డబ్బు సరిగ్గానే వస్తాది, అందుకని తప్పు చేసినట్టే తెలీదు. నెలాఖరుకి చూస్తే ముప్పై సబ్బులు లేవు. ఆ ముప్పై ఎవరి నెత్తిన పడతాది?"

పన్ను సంగతి ఏమిటి?

దీని గురించి అక్క కొంచెమే చెప్పింది. "ఆఫీసరు వచ్చి ఈ పుస్తకమే అడుగుతాడు" అంది. మిగిలింది మేమిద్దరం చదివి తెలుసుకున్నాం.

అంగడి సరుకు కొన్నప్పుడు దాని మీద జీఎస్టీ కడుతుంది. అదే సరుకు అమ్మినప్పుడు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలి. కట్టేటప్పుడు, కొన్నప్పుడు ఇచ్చిన పన్నును మినహాయించుకోవచ్చు. దీన్ని ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటారు. ఈ మినహాయింపు అమ్మే సరుకు కోసం. మరి అమ్మకుండానే పోయిన సరుకు మాటేమిటి? 2017 కేంద్ర జీఎస్టీ చట్టం 17వ సెక్షన్ ఐదో ఉపసెక్షన్‌లో దీనికి జవాబు ఉంది. పోయిన, దొంగిలించబడిన, నాశనమైన, లెక్కలోంచి కొట్టేసిన సరుకుకీ, బహుమతిగానో ఉచిత మచ్చుగానో ఇచ్చిన సరుకుకీ క్రెడిట్ లేదు. ముందే తీసుకుని ఉంటే తిరిగి కట్టాలి.

మన నూనె సీసా మీద చూద్దాం. అంగడి కొన్న ధర 320 రూపాయలు. వంటనూనె మీద పన్ను 5 శాతం, అంటే 16 రూపాయలు. అమ్మే ధర పన్ను కాకుండా 360. సీసాకి మిగిలేది 40 రూపాయలు. పగిలిన మూడు, రుచికి తెరిచిన ఒకటి కలిపి నాలుగు సీసాలు. నాలుగు పదహార్లు 64 రూపాయల క్రెడిట్ వదులుకోవాలి. ఒక్కో సీసాకి నష్టం 320, 16 కలిపి 336. నాలుగింటికి 1,344 రూపాయలు. ఆ నెల అమ్మిన 71 సీసాల మీద మిగిలింది 2,840. అందులో దాదాపు సగం ఈ నాలుగు సీసాలకే పోయింది. ఒక సీసా పగిలితే ఆ నష్టం పూడ్చడానికి తొమ్మిది సీసాలు అమ్మాలి.

సీసాకి పదహారు రూపాయలే కదా, దాచేస్తే ఏమవుతుంది అనిపించవచ్చు. జీఎస్టీ నియమాల్లో 56వది ఏం రాయాలో చెప్తుంది: మొదటి నిలువ, వచ్చింది, పోయింది, ఆపైన పోగొట్టుకున్నది, దొంగతనమైనది, నాశనమైనది, కొట్టేసినది, బహుమతిగా లేదా మచ్చుగా ఇచ్చినది, చివరికి మిగిలింది. మా అంగడి బ్రేకేజీ బుక్కులో ఉన్నది ఈ జాబితాలోని మధ్య భాగమే. అలా లెక్క చూపించలేని సరుకును అమ్మినట్టే భావించి పన్ను నిర్ణయించే అధికారం చట్టం 35వ సెక్షన్ ఆఫీసరుకి ఇచ్చింది. అంటే పగిలిన సీసా పుస్తకంలో లేకపోతే, బిల్లు లేకుండా దొంగచాటుగా అమ్మిన సీసాగా మారిపోతుంది. వడ్డీ, జరిమానా తరవాతి మాట. ఒక సరుకులో అలా దొరికితే మిగతా సరుకుల లెక్క కూడా నమ్మరు.

ఈ పుస్తకాల్ని ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు, అంటే ఆరేళ్ళు, దాచాలి. అందుకే మా అక్క పాత బుక్కుల్ని పాత కాగితాలవాడికి వెయ్యనిచ్చేది కాదు. ఒక సంగతి మాత్రం చెప్పాలి. కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న అంగళ్ళకి ఈ 56వ నియమంలోని నిలువ లెక్క తప్పనిసరి కాదు. వాళ్ళకి క్రెడిటే ఉండదు. కానీ సీసా పోయింది ఎక్కడో తెలియాలంటే వాళ్ళకీ పుస్తకం కావాలి.

జీతంలో పట్టుకోవచ్చా?

అక్క కథ విన్నప్పటి నుంచి నా మనసులో ఉన్న ప్రశ్న ఇది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనూ, దాని బదులు వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ దీని మీద ఒకే తీరు మాట ఉంది. పనివారికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు, వాళ్ళ నిర్లక్ష్యం వల్లనే నేరుగా పాడైతేనో పోతేనో జీతంలో కోత పెట్టవచ్చు. ఆ కోత నష్టాన్ని మించకూడదు. కోతకు ముందు వాళ్ళ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి.

సంజాయిషీ అడిగినప్పుడు ఏం చూపిస్తాం? ఆరోజు ఏం జరిగిందో నెల తరవాత ఎవరికి గుర్తుంటుంది? చెమ్మకు పెట్టె అడుగు ఊడిందని, చూసినవాళ్ళ సంతకంతో, అదే గంటలో రాసిన పద్దు ఉంటే అదే జవాబు. మా సూపర్‌వైజర్ అక్కకి ఆనాడు కావలసింది అలాంటి ఒక్క వరసే.

నేను చేరిన మూడో వారంలో నా చేతిలోంచి గాజు గ్లాసుల సెట్టు జారింది. ఆరులో నాలుగు పగిలాయి. చేతులు వణికాయి. బుక్కు తెచ్చి గంట వేసి రాసి, సంతకానికి అక్క దగ్గరికి తీసుకుపోయాను. ఆమె పెట్టెలో చూసి, నాలుగు గ్లాసుల అడుగులు లెక్కపెట్టి (గ్లాసుకి మెడ ఉండదు కాబట్టి అడుగు లెక్కపెట్టాలి), "ఎట్ల జారింది?" అని అడిగింది. అర మరీ ఎత్తులో ఉందని, ముని వేళ్ళ మీద నిలబడి తీశానని చెప్పాను. ముందు పేజీలు తిప్పితే అదే అర దగ్గర అంతకుముందు రెండుసార్లు పగిలినట్టు రాసి ఉంది. ఆ సాయంత్రమే గ్లాసుల్ని నడుమెత్తు అరలోకి మార్చారు. నేనున్నన్నాళ్ళు ఆ సరుకులో మళ్ళీ పద్దు పడలేదు.

కొసరు, మచ్చు, తరుగు

మన శాఖవాళ్ళకి ఆసక్తిగా ఉంటుందని ఈ మాటల సంగతి చివర రాస్తున్నాను. అంగట్లో అందరం 'శాంపిల్', 'ఫ్రీ', 'బ్రేకేజీ', 'వేస్టేజీ' అనే మాటలే వాడతాం. కానీ ఈ తేడాలన్నిటికీ తెలుగులో పాత వ్యాపారపు మాటలు ఉన్నాయి.

మచ్చు అంటే కొనేముందు నాణ్యం చూసుకోవడానికి ఇచ్చేది. 'మచ్చుకు ఒకటి' అంటాం. కొసరు అంటే కొన్న తరవాత, తూకం పైన కలిపి ఇచ్చేది. కూరగాయలమ్మని 'కొసరు వెయ్యమ్మా' అని అడుగుతాం. బెల్లం తూచాక పైన పెట్టే చిన్న ముక్క కొసరే. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నది ఒక రకంగా కొసరుకి దగ్గర. అది అమ్మకంలో భాగం. రుచికి తెరిచిన నూనె మచ్చు. అది అమ్మకం కాదు. సర్క్యులర్ చేసిన తేడా ఈ రెండు మాటల్లో అప్పటికే ఉందని నాకు అనిపించింది.

తరుగు అంటే ఎవరి తప్పూ లేకుండా బరువు తగ్గడం. బస్తా బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు నిలువ ఉంటే ఎండి తగ్గుతాయి. విడిగా తూచి అమ్మే సరుకులో ప్రతి గింజ కిందపడ్డప్పుడల్లా రాయలేం. దానికి అక్క చెప్పిన పద్ధతి, బస్తా ఖాళీ అయినప్పుడల్లా, వచ్చిన బరువులోంచి బిల్లుల బరువు తీసేసి తేడా ఒక వరసలో రాయడం. అదే సరుకు ముందు బస్తాల తరుగు కంటే ఈ బస్తాది బాగా ఎక్కువైతే అప్పుడు త్రాసు చూడాలి, లేదా బస్తాకి చిల్లు ఉందేమో చూడాలి.

మీరు చేసి చూడండి

ఈ మూడింటినీ బుక్కులో ఎక్కడ రాయాలి?

ఒకటి. పచ్చడి సీసాకి బిల్లు వేశాం, డబ్బు తీసుకున్నాం. గుమ్మం దాటేలోపు కస్టమర్ చేతిలో పగిలింది. ఓనర్ ఇంకోటి ఊరికే ఇచ్చాడు.

రెండు. కంపెనీ 200 షాంపూ మచ్చు ప్యాకెట్లు పంపింది. 140 పంచాం.

మూడు. లారీ దించేటప్పుడు పెట్టెలో ఒక తేనె సీసా పగిలి ఉంది. డ్రైవర్ కాగితం మీద సంతకం పెట్టాడు.

జవాబులు: ఒకటోదాంట్లో మొదటి సీసా అమ్మకంలోనే పోయింది, రాయక్కర్లేదు, రెండో సీసాని ఊరికే ఇచ్చిన సగంలో రాయాలి. రెండోదాంట్లో వచ్చినవి 200, పంచినవి 140, మిగిలినవి 60 అని సంఖ్య రాయాలి. డబ్బూ లేదు, క్రెడిటూ లేదు. మూడోదాన్ని బ్రేకేజీలో రాయకూడదు. పగిలిన సీసాని వచ్చిన సరుకులో కలపకుండా, సంతకమున్న కాగితాన్ని క్రెడిట్ నోట్ వచ్చేదాకా దాచాలి.